చెయ్యి ఒక చుట్టు, ఫ్యాను పన్నెండు

త్రిపురారం చుట్టుపక్కల వరి పొలాలన్నీ నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద ఆధారపడ్డవే. ఆ కాలువ పాయల మీద తూములుంటాయి, తూముకు ఇనుప షట్టరు ఉంటుంది, షట్టరును లేపడానికి పైన ఒక చేతి చక్రం ఉంటుంది. ఎప్పుడైనా దగ్గర నిలబడి చూడండి. నీళ్ల ఒత్తిడికి గోడకు అతుక్కుపోయిన ఇనుప పలకను నలుగురు కలిసి లాగినా కదలదు. అదే పలకను ఒక్క మనిషి చక్రం తిప్పుకుంటూ పైకి తెస్తాడు. చక్రం పిడి మధ్య నుంచి 30 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. ఒక్క చుట్టు తిప్పితే చెయ్యి 188 సెం.మీ. ప్రయాణం చేస్తుంది. ఆ చుట్టుకు మర కడ్డీ ఒక సెంటీమీటరు లేచిందనుకుంటే, లెక్క ప్రకారం బలం 188 రెట్లు పెరగాలి. మర రాపిడి అందులో సగానికి పైగా తినేస్తుంది, అయినా మిగిలింది చాలు. చెయ్యి చాలా దూరం పోయింది, షట్టరు కొంచెమే కదిలింది, కానీ బరువుగా కదిలింది.

ఇప్పుడు అదే లెక్కను తలకిందులు చేస్తే మనకు కావలసిన యంత్రం వస్తుంది. వడ్లు తూర్పార పట్టే ఫ్యానులో బరువు ఎత్తే పని లేదు. దానికి కావలసింది వేగం. చెయ్యి నిదానంగా, కాస్త బరువుగా తిరగాలి, అవతల రెక్కలు తేలికగా, గిర్రున తిరగాలి.

కొనుగోలు కేంద్రానికి వడ్లు తీసుకుపోయినవాళ్లకు తెలుసు, తేమ 17 శాతం దాటకూడదు, గడ్డి, పొట్టు లాంటి చెత్త ఒక శాతం దాటకూడదు. కేంద్రాల్లో తాలు తీసే పెద్ద మిషన్లు ఉంటాయి. కానీ ఇంట్లో విత్తనానికి దాచుకున్న అర బస్తా కోసం, గట్టు మీద పండిన కాసిని పెసల కోసం ఆ మిషను దాకా ఎవరు పోతారు? గాలి ఆడని రోజున చాట పట్టుకుని కల్లంలో నిలబడటమే. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు బడిలో ప్రదర్శనకు చిన్న చేతి ఫ్యాను చేస్తానని కూర్చుంది. మొదటి ప్రశ్నే, "తాతా, గేర్లకు ఎన్ని పండ్లు పెట్టాలె?" అని.

"పండ్ల సంగతి తర్వాత బిడ్డా, ముందు గాలి ఎంత కావాలె?" అన్నాను.

గేర్ల లెక్క ఎప్పుడూ పని జరిగే కొస నుంచి మొదలవ్వాలి. మంచి వడ్ల గింజను గాలిలో నిలబెట్టాలంటే కింది నుంచి సుమారు సెకనుకు 6 మీటర్లు, అంతకు పైన వేగంతో గాలి కొట్టాలి. తాలుకు దాదాపు 3 మీటర్లు చాలు. పొట్టుకు అంత కూడా అక్కర్లేదు. గింజకూ తాలుకూ కావలసిన వేగాల మధ్యన, అడ్డంగా సెకనుకు 4 మీటర్ల గాలి పెడితే, పై నుంచి పోసిన మంచి గింజ ఒక జానెడు పక్కకు జరిగి పడుతుంది, తాలు మూరెడు దాటి పోతుంది. రెండు కుప్పలు వేరు కావడానికి ఆ తేడా చాలు.

ఫ్యాను అడ్డుకొలత 30 సెం.మీ. అనుకున్నాం. ఆ గుండ్రటి వైశాల్యం 0.07 చదరపు మీటరు. దాని గుండా సెకనుకు 4 మీటర్ల వేగంతో పోయే గాలిలో ఉండే శక్తి ఇంత:

½ × 1.2 × 0.07 × 4³ = 2.7 వాట్లు

1.2 అంటే ఘనపు మీటరు గాలి బరువు, కిలోల్లో. ఇంట్లో రేకు కత్తిరించి, వంచి చేసిన రెక్కలు తాము తీసుకున్న శక్తిలో మూడోవంతు కూడా గాలికి ఇవ్వవు. కాబట్టి ఫ్యాను షాఫ్టుకు 9 వాట్లు అందాలని రాసుకున్నాం. మామూలు మనిషి చేత్తో హ్యాండిల్ తిప్పుతూ కొన్ని నిమిషాలు 30 వాట్లు ఇవ్వగలడు. 9 వాట్లు పిల్లలకూ పెద్ద బరువేమీ కాదు. పని సాధ్యమేనని ఇక్కడే తేలిపోయింది. ఈ మెట్టు మీద తేలకపోతే ఏ గేరూ కాపాడదు, ఎందుకంటే గేరు శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని వేగంగానో బలంగానో మార్చి ఇస్తుంది.

వేగం సంగతి. 30 సెం.మీ. రెక్కలు 4 మీటర్ల గాలి తోలాలంటే, రెక్కను 40 డిగ్రీల దాకా వంచి, నిమిషానికి 700 చుట్ల దగ్గర్లో తిప్పాలి. చేతికి నిమిషానికి 60 చుట్లు, అంటే సెకనుకు ఒకటి, హాయిగా ఉంటుంది. ఫ్యానుకు 720 అనుకుని 60తో భాగిస్తే 12. చెయ్యి ఒక చుట్టు తిరిగితే ఫ్యాను పన్నెండు చుట్లు తిరగాలి.

పన్నెండు రెట్లను ఒకే జతతో తెచ్చుకోవచ్చు కదా అంది మనవరాలు. చిన్న చక్రానికి 18 పళ్లు పెడితే పెద్దదానికి 216 పెట్టాలి, మనం ఎంచుకున్న పన్ను సైజుకు అది 43 సెం.మీ. చక్రం అవుతుంది, ఫ్యాను కంటే పెద్దది. అందుకని రెండు జతలు: మొదటి జత 4 రెట్లు, రెండోది 3 రెట్లు. నాలుగు మూళ్లు పన్నెండు. మొదటి జతలో 72 పళ్ల చక్రం 18 పళ్లదాన్ని తిప్పుతుంది. ఆ 18 పళ్లదానితో కలిసి, అదే షాఫ్టు మీద బిగించిన 54 పళ్ల చక్రం తిరుగుతుంది. అది మరో 18 పళ్లదాన్ని తిప్పుతుంది. ఆ చివరిదాని మీదే ఫ్యాను. ఒక్కో జత దగ్గర తిరిగే దిక్కు మారుతుంది కాబట్టి రెండు జతల తర్వాత ఫ్యాను మళ్లీ హ్యాండిల్ తిరిగిన వైపే తిరుగుతుంది. రెక్క వంపు ఎటు ఉండాలో ముందే తేల్చుకోవడానికి ఇది గుర్తుంచుకోవాలి.

18 ఎందుకు, 12 పెడితే చక్రాలన్నీ చిన్నవయ్యేవి కదా? ఇక్కడ పన్ను ఆకారం గురించి కొంచెం చెప్పాలి. గేరు పన్ను వంపును ఇన్వల్యూట్ అంటారు. నూలు కండెకు చుట్టిన దారం కొస పట్టుకుని, బిగువు వదలకుండా విప్పుతూ పోతే ఆ కొస గాలిలో గీసే గీతే ఇన్వల్యూట్. కండె మన గేరులో కనిపించని ఒక గుండ్రం. ఈ వంపుకు ఒక గొప్ప గుణముంది. రెండు చక్రాల మధ్య దూరం కాస్త అటూ ఇటూ అయినా, తిప్పే నిష్పత్తి మారదు, కుదుపు రాదు. ఇంట్లో చేసే పనిలో, ఉబ్బే చెక్కతో, ఇది మనల్ని చాలాసార్లు కాపాడుతుంది. అయితే మామూలుగా వాడే 20 డిగ్రీల పీడన కోణానికి పళ్లు 17 కంటే తగ్గితే, ఎదుటి పన్ను కొనకు దారివ్వడానికి చిన్న చక్రం పన్ను మొదలును తొలిచేయాల్సి వస్తుంది. మొదట్లో సన్నబడ్డ పన్ను ఎక్కడ విరుగుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే 18.

పన్ను సైజును మాడ్యూల్ అంటారు. చక్రం వ్యాసాన్ని పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. కలిసి తిరిగే రెండు చక్రాలకూ ఒకటే ఉండాలి. మేము 2 మి.మీ. తీసుకున్నాం. అప్పుడు 72 పళ్ల చక్రం 144 మి.మీ., 54ది 108, 18ది 36. మొదటి జత షాఫ్టుల మధ్య దూరం 144, 36 కలిపి సగం చేస్తే 90 మి.మీ. రెండో జతకు 72 మి.మీ. పళ్ల కొనలు వ్యాసానికి బయట రెండు వైపులా 2 మి.మీ. చొప్పున పొడుచుకొస్తాయి కాబట్టి పెద్ద చక్రం నిజానికి 148 మి.మీ. జాగా తింటుంది. దీన్ని మరిచి పెట్టె గీస్తే చక్రం పక్క పలకకు రాసుకుంటుంది.

ఇక బలం. తిప్పే బలాన్ని టార్క్ అంటారు, కొలత న్యూటన్ మీటరు. శక్తిని తిరిగే వేగంతో భాగిస్తే టార్క్ వస్తుంది. ఫ్యాను 720 చుట్ల దగ్గర 9 వాట్లు తీసుకుంటే ఆ షాఫ్టు మీద టార్క్ 0.12. వెనక్కి వస్తూ ఉంటే ఒక్కో జత దగ్గర ఎన్ని రెట్ల వేగం తగ్గిందో అన్ని రెట్ల టార్క్ పెరుగుతుంది. రాపిడికి పదోవంతు పోయిందనుకుని ఇంకొంచెం కలుపుకోవాలి. నడిమి షాఫ్టు మీద 0.4. హ్యాండిల్ షాఫ్టు మీద 1.77. హ్యాండిల్ పొడవు 15 సెం.మీ. అయితే చేతికి తగిలే బలం 1.77ను 0.15తో భాగిస్తే 12 న్యూటన్లు, అంటే ఒక కిలో రెండు వందల గ్రాముల బరువంత. చాలా తేలిక.

పళ్ల మీద పడే బలం కూడా చూడాలి. హ్యాండిల్ షాఫ్టు టార్క్‌ను పెద్ద చక్రం సగం వ్యాసంతో, అంటే 0.072తో భాగిస్తే 25 న్యూటన్లు. రెండో జతలో 7.4 న్యూటన్లే. మనవరాలికి ఇక్కడ ధైర్యమొచ్చింది. "గింతేనా? అట్టతో చేసినా ఆగుతది తాతా!"

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ఫిట్టరుగా ఏళ్లు గడిపినవాణ్ని, ఈ మాట చాలామంది నోట విన్నాను. నడుస్తున్న మిషనులో పళ్లు అరుగుతాయి, కానీ విరగడం మాత్రం ఎక్కువగా మొదలుపెట్టేటప్పుడూ, ఆపేటప్పుడూ జరుగుతుంది. దాని లెక్క వేరు.

ఫ్యాను రెక్కల బరువు 200 గ్రాములు, ఆ బరువు సగటున మధ్య నుంచి 10 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. ఆగి ఉన్న దాన్ని తిప్పాలంటే అది మొరాయిస్తుంది. హ్యాండిల్ దగ్గర ఆ మొరాయింపు ఎంత తెలుస్తుంది? చెయ్యి సెకనుకు ఒక చుట్టు అందుకునేసరికి ఫ్యాను పన్నెండు చుట్లు అందుకోవాలి. కాబట్టి దానికి పన్నెండు రెట్ల తోపుడు కావాలి. ఫ్యాను దగ్గర కావలసిన ప్రతి పిసరు టార్కూ చేతి దగ్గర పన్నెండు రెట్లై కనిపిస్తుంది. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. 200 గ్రాముల రెక్కలు చేతికి 144 రెట్లు బద్ధకంగా తగులుతాయి.

నిదానంగా మూడు సెకన్లలో వేగం అందుకుంటే ఈ అదనపు టార్క్ 0.6 మాత్రమే. పిల్లలు అలా తిప్పరు కదా. హ్యాండిల్ పట్టుకుని ఒక్కసారి గుంజుతారు. పావు సెకనులో పూర్తి వేగానికి లాగితే అది 7.2 అవుతుంది. పళ్ల మీద బలం 100 న్యూటన్లు. మామూలుగా నడిచేటప్పుడు ఉండే దానికి నాలుగింతలు.

ఈ 100 న్యూటన్లు పన్నుకు ఎంత కష్టమో చూడటానికి లూయిస్ అనే ఇంజనీరు 19వ శతాబ్దం చివర్లో ఇచ్చిన సూత్రాన్నే ఇప్పటికీ మొదటి అంచనాకు వాడతారు. పన్నును గోడలో పాతిన చిన్న దూలంలా భావించి రాసిన లెక్క అది:

σ = W / (b × m × Y)

σ పన్ను మొదట్లో పడే ఒత్తిడి, W పన్ను మీద బలం, b పన్ను వెడల్పు, m మాడ్యూల్, Y పన్ను ఆకారాన్ని బట్టి వచ్చే సంఖ్య. 18 పళ్లదానికి Y సుమారు 0.31, 72 పళ్లదానికి 0.43 దగ్గర. పళ్లు తక్కువున్న చక్రం పన్ను మొదట్లో సన్నగా ఉంటుంది కాబట్టి దాని Y తక్కువ. 6 మి.మీ. ఎండీఎఫ్ షీటులో చిన్న చక్రం కోస్తే, నడకలో 25ను 3.72తో భాగిస్తే చదరపు మి.మీ.కు 6.7 న్యూటన్లు వస్తుంది. గుంజినప్పుడు 27. ఎండీఎఫ్ వంగి విరిగే బలం దాదాపు 25 నుంచి 30 మధ్య. అంటే నడిచినన్ని రోజులు బాగానే నడిచి, బడిలో ఎవరో ఒక కుర్రాడు గట్టిగా గుంజిన రోజున పటుక్కుమంటుంది. పైగా పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా చిన్నదాని ప్రతి పన్నూ నాలుగుసార్లు దెబ్బ తింటుంది.

దీంతో ఏది దేనితో చేయాలో తేలిపోయింది. చిన్న చక్రాలను 3డీ ప్రింటులో గట్టి ప్లాస్టిక్‌తో, 14 మి.మీ. వెడల్పున చేయాలి. 72 పళ్లదాన్ని రెండు 6 మి.మీ. ఎండీఎఫ్ పొరలు అతికించి 12 మి.మీ. చేయాలి. 54 పళ్లదానికి ఒక్క పొర చాలు. పెద్ద చక్రాలను ప్రింటు చేయడం నాకు నచ్చదు. గంటల తరబడి మిషను నడవాలి, అంచులు పైకి లేస్తాయి. లేజరుకు అది నిమిషాల పని.

ఇంకో జాగ్రత్త. తూము షట్టరు మర తనంతట తాను వెనక్కి తిరగదు, చెయ్యి తీసేసినా పలక ఎక్కడిదక్కడే ఆగుతుంది. మన గేర్లకు ఆ గుణం లేదు. చెయ్యి ఆపగానే ఫ్యాను తన ఊపుతో హ్యాండిల్‌ను తిప్పి మణికట్టు మీద కొడుతుంది. గట్టిగా పట్టుకుంటే మళ్లీ అదే 100 న్యూటన్ల బలం, ఈసారి ఎదురు దిక్కున. మందు మన పాత సైకిళ్లలోనే ఉంది. పాత సైకిలు వెనక హబ్బును ఫ్రీవీల్‌తో సహా తీసుకోండి. హబ్బు ఇరుసును చట్రానికి బిగించాలి. ఊచలు దూర్చే కంతల్లోంచి సన్న బోల్టులతో 72 పళ్ల చక్రాన్ని హబ్బు చెవికి బిగించాలి. హ్యాండిల్ పట్టీని ఫ్రీవీల్ పళ్లకు వెల్డింగ్ షాపులో చుక్కలు పెట్టించాలి, తడిగుడ్డ చుట్టి, లేకపోతే వేడికి లోపలి స్ప్రింగు పనికిరాకుండా పోతుంది. ఇప్పుడు చెయ్యి ఆపితే టకటకమంటూ ఫ్యాను తన దారిన తిరిగి తిరిగి ఆగుతుంది. బేరింగులు కూడా హబ్బులోనే ఉన్నాయి, వేరే కొననక్కర్లేదు. మొదట్లో గుంజే బలానికి మాత్రం ఫ్రీవీల్ అడ్డు కాదు, దానికి రెండు పొరల చెక్కే దిక్కు.

గీయడానికి కంప్యూటరులో ఇంక్‌స్కేప్ చాలు. అందులో గేరు గీసే పనిముట్టు మాడ్యూల్ అడగదు, Circular pitch అడుగుతుంది, అంటే ఒక పన్ను నుంచి పక్క పన్నుకు గుండ్రం మీద దూరం. 2ను 3.1416తో గుణించి 6.283 ఇవ్వాలి. అక్కడ 2 అని కొడితే మూడోవంతు సైజు గేరు వస్తుంది. కోసిన తర్వాత గానీ తెలియదు. ప్రింటు చేసే చిన్న చక్రాలకు ఫ్రీక్యాడ్ బాగుంటుంది, అది మాడ్యూల్‌నే అడుగుతుంది.

లేజరు మిషను కోసం హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో లేజర్లూ ప్రింటర్లూ అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ అక్రిలిక్ అక్షరాలు కోసి బోర్డులు చేసే దుకాణం ఏదైనా ఈ పని చేయగలదు. వాళ్లు అక్షరాలు కోయడానికి అలవాటు పడ్డవాళ్లు, అక్షరం పావు మిల్లీమీటరు సన్నబడితే ఎవరికీ కనిపించదు. గేరుకు కనిపిస్తుంది. లేజరు కిరణం తాను పోయిన దారిలో కొంత చెక్కను కాల్చేస్తుంది. 6 మి.మీ. ఎండీఎఫ్‌లో ఆ దారి వెడల్పు 0.2 మి.మీ. చుట్టూ ఉంటుంది. మన పన్ను మందం 3.14 మి.మీ. రెండు పక్కలా సగం సగం పోయి 2.94 అవుతుంది. ఎదుటిదానికీ అంతే పోతే మధ్యన 0.4 మి.మీ. వదులు. హ్యాండిల్ దగ్గర లొడలొడ, గుంజినప్పుడు ఆ ఖాళీలో పన్ను ఊపందుకుని సుత్తిలా కొడుతుంది.

ఆ వెడల్పు మిషను మిషనుకూ మారుతుంది కాబట్టి అడగడం కంటే కొలవడం మేలు. 20 మి.మీ. చదరపు ముక్కలు పది కోయించండి. వరసగా గట్టిగా ఆనించి కొలవండి. 200 రావాలి, 198 వచ్చిందనుకోండి, ఒక్కో ముక్కకు 0.2 పోయినట్టు. అప్పుడు గీతను బయటికి 0.1 మి.మీ. జరపాలి. పూర్తిగా కాదు, ఒక పిసరు తక్కువ జరిపితే రెండు గేర్ల మధ్య 0.1 నుంచి 0.15 మి.మీ. వదులు మిగులుతుంది. ఆ కాస్త వదులు తప్పనిసరి, చెక్క తేమకు ఉబ్బుతుంది. కల్లంలో తేమకు తక్కువేం లేదు. కోసిన వెంటనే అంచులకు వార్నిష్ పట్టించాలి, ఎండీఎఫ్ అంచు నుంచే నీళ్లు తాగుతుంది.

లేజరు కోత అడ్డంగా చూస్తే సరిగ్గా నిలువుగా ఉండదు, పైన ఒక రకంగా కింద ఒక రకంగా వాలుతుంది. 72 పళ్లదానికి రెండు పొరలు అతికించేటప్పుడు ఒకదాన్ని బోర్లించి అతికించండి. వాలు రెండు వైపులా సమంగా పంచుకుంటుంది. పళ్లు పళ్లకు సరిగ్గా కూర్చోవడానికి రెండు పొరల్లోనూ మూడు చిన్న కంతలు ముందే కోయించి, వాటిలో మేకులు దూర్చి అతికించాలి.

పక్క పలకలు కూడా అదే లేజరుతో, ఒక్కసారి షీటు పెట్టినప్పుడే కోయించాలి. షాఫ్టుల కంతలు 90, 72 మి.మీ. దూరంలో డ్రిల్లు పట్టుకుని వేస్తే ఎవరికీ సరిగ్గా రావు. లేజరుకు అది ఉచితంగా వచ్చే పని. నడిమి షాఫ్టుకూ ఫ్యాను షాఫ్టుకూ 8 మి.మీ. కడ్డీలు, స్కేటింగ్ చక్రాల్లో వాడే 608 బేరింగులు. వాటి బయటి కొలత 22 మి.మీ., కాబట్టి పలకలో కంత కూడా మన లేజరు దారి వెడల్పును తీసేసి గీయాలి.

ప్రింటు సంగతికొస్తే, చిన్న చక్రాన్ని పడుకోబెట్టి ప్రింటు చేయాలి. పొరలు ఒకదాని మీద ఒకటి అతుక్కుంటూ పోయే పని కదా, నిలబెట్టి చేస్తే పన్ను వంగే చోటే పొరల అతుకు పడుతుంది, అక్కడే చీలుతుంది. గోడలు నాలుగైదు పొరలు పెట్టమనాలి, అప్పుడు పన్ను లోపల బోలుగా ఉండదు. అడుగు పొర బల్లకు అదుముకుని కాస్త వెడల్పవుతుంది, దాన్ని ఆకురాయితో గీసేయాలి. మామూలుగా అందరూ వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 44, 45 ఉంటుంది, రేకుల షెడ్డు కిందో ఎండలోనో పెట్టిన నల్ల ప్లాస్టిక్ ఇంకా చాలా వేడెక్కుతుంది. పళ్లు వాలిపోతాయి. పీఈటీజీ అనేది 80 దాకా ఓర్చుకుంటుంది, అదే అడగండి.

నడిమి షాఫ్టు మీద 18 పళ్లదీ 54 పళ్లదీ ఒకదానికొకటి బోల్టులతో బిగించండి. నున్నటి కడ్డీ మీద జిగురు నమ్ముకుంటే, ఫ్యాను తిరగకుండా హ్యాండిల్ ఒక్కటే తేలిగ్గా తిరిగే రోజు వస్తుంది. ఫ్యానుకు ముందూ వెనకా జాలీ పెట్టడం మరవకండి, నిమిషానికి 720 చుట్లు తిరిగే రేకు వేలు పోగొట్టగలదు.

బిగించాక చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. ఎక్కడో పట్టేస్తోందంటే, ఏ చక్రం దోషమో విప్పకుండానే చెప్పొచ్చు. హ్యాండిల్ ఒక చుట్టులో ఒక్కసారి పట్టేస్తే 72 పళ్లదాని కంత మధ్యలో లేదు. నాలుగుసార్లు పట్టేస్తే నడిమి షాఫ్టు మీదిది వంకర. పన్నెండుసార్లయితే ఫ్యాను షాఫ్టుది. చుట్టంతా ఒకే రకంగా బిర్రుగా ఉంటే దూరం తక్కువైంది, లేదా చెక్క ఉబ్బింది. కాసేపు నడిపాక పళ్లు చూడండి. మెరుపు కొనలోనే ఉంటే షాఫ్టులు దూరంగా ఉన్నాయి, పన్ను మొదట్లో ఉంటే దగ్గరగా ఉన్నాయి.

మా మనవరాలు తిప్పుతుంటే మంచి గింజలు కూడా తాలుతో కలిసి పోతున్నాయి. గడియారం పెట్టి లెక్కపెడితే నిమిషానికి 75 చుట్లు తిప్పుతోంది. గాలి వేగం తిప్పిన వేగాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి 4 మీటర్లు కావలసింది 5 అయింది. కష్టం మాత్రం ఘనం చొప్పున పెరుగుతుంది, 1.25ను మూడుసార్లు గుణిస్తే దాదాపు 2. పావు వంతు వేగానికి రెట్టింపు చాకిరీ. 60కి తగ్గించగానే వడ్లు దగ్గర పడ్డాయి, చెయ్యి నొప్పీ తగ్గింది.

తర్వాత నువ్వులు పోసింది. అవి వడ్ల కంటే తేలిక, 60 చుట్లకే ఎగిరిపోయాయి. చేత్తో నిదానంగా 45 తిప్పమంటే ఎవరికీ నిలకడగా రాదు. అందుకని రెండో జతే మార్చాం. పలకల్లో కంతలు 72 మి.మీ. దూరంలో స్థిరంగా ఉన్నాయి, మాడ్యూల్ 2. అంటే ఆ జతలో పళ్ల మొత్తం 72 అయితే చాలు, ఎలా పంచుకున్నా అక్కడే కూర్చుంటాయి. 54, 18 బదులు 50, 22 పెడితే నిష్పత్తి 2.27. మొత్తం మీద తొమ్మిది రెట్లు. ఫ్యాను 545 చుట్లు, గాలి సెకనుకు 3 మీటర్లు. చేతికి తగిలే బలం సగానికంటే తగ్గింది. కొత్తగా కోయించింది ఒక చెక్క చక్రం, ప్రింటు చేసింది ఒక చిన్నది. పెసలకు గాలి ఎక్కువ కావాలి కాబట్టి అటువైపు పోదామని 56, 16 అంది. పదహారు పదిహేడు కంటే తక్కువ కదా అని నేననే లోపే తనే 55, 17 అని దిద్దుకుంది.